కట్టు మార్చే రోజు

బహుళ పాడ్యమి

రెండు తెప్పలు. కట్టు ఉంది. నీళ్ళు ఏడు బిందెలు.

సముద్రం మీద తెప్పలు కట్టుకుని బతికే మా వరసలో ప్రతి ఇంటివాళ్ళూ రోజు పుస్తకంలో మొదట ఇదే రాస్తారు. తెప్పలెన్ని ఉన్నాయి, వాటిని కలిపిన తాడు ఎలా ఉంది, ఉప్పు తీసే మిషను ఎన్ని బిందెల మంచినీళ్ళిచ్చింది. తర్వాత ఏమైనా రాయొచ్చు. సాధారణంగా రాయడానికేమీ ఉండదు.

పొద్దున తెప్ప అడుగున ఉండే డ్రమ్ములకు పట్టిన గుల్ల గీకాను. నాచు పెంచే తాళ్ళు రెండు పైకి తీసి ఆరేశాను. గాలి తూర్పు నుంచి వస్తోంది.

మధ్యాహ్నం కట్టుపెద్ద చెంచమ్మ పడవ మీద వచ్చింది. వరసలో పెళ్ళి కట్లు కట్టించేదీ, పాత కట్లు మార్పించేదీ ఆవిడే. మా అమ్మ తెప్పనూ నాన్న తెప్పనూ కలిపిన తాడు వంగి చూసి, వేలితో ఒక పోగు లాగింది. పోగు ఊడి చేతిలోకి వచ్చింది.

"ఇది వాయుగుండాల నెలలు దాటదు అబ్బాయ్. అష్టమికి మార్చాలి. పోటు తక్కువుంటది."

"సరే పెద్దమ్మా."

"మీవాళ్ళ పెళ్ళికి ముప్పయ్యో ఏడు కదా. పోయినసారి నీకు ఇరవై నిండలా, నేను మాట్లాడా. ఈసారి నువ్వే."

తల ఊపాను. పదేళ్ళకోసారి కట్టు మారుస్తారు. ఆ రోజు పెద్దకొడుకు నిలబడి తల్లికీ తండ్రికీ కృతజ్ఞత చెప్పాలి. అతను మాట్లాడుతున్నంతసేపే ఇద్దరూ పాత ముడి విప్పాలి. మాట ఆగితే చేతులూ ఆపాలి. ముడి విడకుండా మాట అయిపోతే పాత తాడుతోనే ఇంకో ఏడు ఉండాలి. విడితే, ఎవరి కొస వాళ్ళు ఇష్టంగా పట్టుకుని కొత్త తాడు కట్టాలి. పట్టుకోమని ఎవరూ అడగకూడదు.

బహుళ తదియ

రెండు తెప్పలు. కట్టు ఉంది. నీళ్ళు ఎనిమిది బిందెలు.

నాన్న తెప్ప మీద సోలారు పలకలు, బ్యాటరీలు, వలలు ఉంటాయి. అమ్మ తెప్ప మీద పొయ్యి, నీళ్ళ మిషను. ఇటునుంచి అటు వైరు వెళ్తుంది, అటునుంచి ఇటు గొట్టం వస్తుంది. ఆ తెప్పకు కరెంటు లేకపోతే మిషను తిరగదు. ఈ తెప్పకు గొట్టం లేకపోతే తాగడానికేమీ లేదు. నేను నాన్న తెప్ప మీద పడుకుంటాను, అమ్మ తెప్ప మీద తింటాను.

నీళ్ళకు వచ్చిన చెల్లెలు సుబ్బులు బిందె మిషను కింద పెట్టి నా పక్కన కూర్చుంది. దాన్ని మూడిళ్ళ అవతల ఇచ్చాం.

"అన్నా, అమ్మ ఒక మాట చెప్పమంది."

"నాతోనే చెప్పొచ్చుగా."

"నీతో చెబితే నాన్నతో చెప్పినట్టేనంట. అష్టమినాడు నువ్వు ఆ గాలివాన రాత్రి మాటెత్తావా, తన కొస తను పట్టదంట. ముడి విడిపోయాక మామయ్య పడవకి తెప్ప తగిలించుకుని లైటుహౌసు వరసకి పోద్దంట."

"మామయ్య వస్తున్నాడా?"

"అమ్మ కబురు పెట్టింది."

నేను గుల్ల గీకే బద్ద కడిగి పక్కన పెట్టాను. తొమ్మిదేళ్ళ కిందటి వరకూ ఈ పుస్తకంలో మూడు తెప్పలు అని రాసేవాళ్ళం. మూడోది అమ్మ తమ్ముడు ఏడుకొండలు మామయ్యది. గాలివాన రాత్రి దాని డ్రమ్ములు పగిలి నీళ్ళు ఎక్కాయి. అది మా రెండు తెప్పలనూ కిందికి లాగుతోంది. నాన్న దాని తాడు కోశాడు. మామయ్య దాని మీదే ఉన్నాడు. రెండు రోజులు కొట్టుకుపోయి, లైటుహౌసు వరసవాళ్ళకు దొరికాడు. మళ్ళీ మా వరసకు రాలేదు.

కొయ్యకపోతే అందరం పోయేవాళ్ళమని నాన్న అంటాడు. అది నిజమే. ముందు కేకేసి కొయ్యొచ్చు కదా అని అమ్మ అంటుంది. అదీ నిజమే. కొన్నాళ్ళు ఈ రెండు మాటలూ రోజూ విన్నాం. తర్వాత వాళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. ఇప్పుడు అమ్మ, మీ నాన్నని అన్నానికి రమ్మను అంటుంది. నాన్న, మీ అమ్మని మిషను ఆపమను అంటాడు. ఇద్దరి మధ్య దూరం నాలుగు అడుగులు. నేను మధ్యలో ఉండి చెబుతాను.

బహుళ చవితి

రెండు తెప్పలు. కట్టులో ఇంకో పోగు తెగింది. నీళ్ళు ఏడు బిందెలు.

మాట్లాడాల్సింది కాగితం మీద రాశాను. సుబ్బులుకు చదివి వినిపించాను. అది చేపలు కోస్తూ వింది.

"ఎన్ని కష్టాలొచ్చినా మీరిద్దరూ విడిపోలేదు," అని మొదలుపెట్టాను.

"ఆపు. ఏ కష్టాలని అందరూ నీళ్ళవైపు చూస్తారు."

కొట్టేశాను.

"నాన్నా, నువ్వు మా ప్రాణాలు కాపాడావు."

కత్తి ఆపి నా మొహం చూసింది. అది కూడా కొట్టేశాను.

"పద్నాలుగేళ్ళకే బడి మాన్పించినా, నాకు పని నేర్పావు."

"అన్నా, ఇది పొగడ్తా, పంచాయితీయా?"

"ఉన్నదే రాశా."

"ఉన్నది ఎవరికి తెలీదు? ఆ రోజు వాళ్ళ రోజు. నీ బడి సంగతి ఇంకో రోజు పెట్టుకో."

బడి ఉన్న పెద్ద తెప్ప ఇప్పుడు లేదు. అందులో మిషన్ల పని నేర్పేవాళ్ళు. నేను నేర్చుకోలేదు. మా మిషను చెడితే వేరే ఇంటి కుర్రాణ్ణి పిలుస్తాం. ఆ వాక్యం తీసేశాక కాగితంలో దండాలు తప్ప ఏమీ మిగల్లేదు.

బహుళ పంచమి

రెండు తెప్పలు. కట్టు ఉంది. నీళ్ళు ఎనిమిది బిందెలు.

చెంచమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ తెప్ప మునిగిన పాత సెల్ టవరు కొనకు కట్టి ఉంటుంది. కొత్త తాడు పేనుతోంది. నన్ను ఒక కొస పట్టుకోమంది. పట్టుకుని నిలబడే అడిగాను.

"ఏం చెప్పాలో తెలీడం లేదు పెద్దమ్మా. ఏది ముట్టుకున్నా ఆ రాత్రికే పోతోంది."

"గుణాలు చెప్పబాక. మా నాన్న ధైర్యవంతుడు అన్నావనుకో, మీ అమ్మ లోపల లెక్క తీస్తది. మా అమ్మ ఓర్పుగలది అన్నావా, ఎవరివల్ల ఓర్చుకుందని మీ నాన్న అనుకుంటాడు. చేతులు చేసింది చెప్పు. నీ కళ్ళతో చూసింది చెప్పు. చేసిన పనికి ఎవరూ అడ్డం చెప్పలేరు."

"ఎన్ని చెప్పాలి?"

"ఒకరికి ఎన్నో, రెండోవాళ్ళకీ అన్నే. అమ్మది ఒకటి, నాన్నది ఒకటి. ఇద్దర్నీ పోల్చబాక. అయినా, ఏమైనా, ఎంతైనా, ఈ మూడు మాటలూ నోట్లోకి రానీబాక. వాటెనక ఎప్పుడూ ఏదో దాక్కుని ఉంటది. క్షమించుకోండి అని మాత్రం అసలు అనొద్దు. తప్పెవరిదో తేల్చినట్టయిద్ది."

"మామయ్య వస్తాడంట. ఆయన పేరు చెప్పాలా?"

ఆవిడ పేనడం ఆపలేదు.

"వచ్చినోళ్ళందరికీ కలిపి దండం పెట్టు. వేరుగా పేరు పెట్టి పిలిస్తే ఆయన లేచి ఏదో ఒకటి చెప్పాల్సొస్తది. చెప్పేదేముంది ఆయన దగ్గర?"

కాసేపటికి మళ్ళీ అంది. "చెల్లెలి తరఫున కూడా మాట్లాడబాక. నీకు అందింది నువ్వు చెప్పు. రాసింది మీ సుబ్బులుకి చదువు. ఎక్కడ దానికి ఎదురు చెప్పబుద్ధయిద్దో అక్కడ కొట్టెయ్. తిప్పి రాయబాక. కొట్టెయ్యడమే."

"జోకులు?"

"నీ మీద నువ్వు వేసుకో."

బహుళ సప్తమి

రెండు తెప్పలు. కట్టు ఉంది. నీళ్ళు ఎనిమిది బిందెలు.

చేతులు చేసినవి రాయడం మొదలుపెడితే చాలా వచ్చాయి. చాలావాటి పక్కన ఇంకోటి నిలబడి ఉంది. నాన్న వల అల్లడం నేర్పాడు, అది బడి మాన్పించిన ఏడు. అమ్మ నాకు తన దుప్పటి కప్పింది, అది ఆ రాత్రి. అలాంటివి పక్కన పెట్టాను. పక్కన ఏమీ లేనివి నాలుగు మిగిలాయి. అమ్మవి రెండు, నాన్నవి రెండు.

సుబ్బులు నాలుగూ వింది. ఎక్కడా ఆపమనలేదు.

"ముడి విడేలోపు అయిపోద్దేమో అన్నా. పొట్టిగా ఉంది."

"పోయినసారి చెంచమ్మ మాటా ఇంతే. మధ్యలోనే ముడి వచ్చేసింది."

"అప్పుడు ముడికి గుల్ల పట్టలేదుగా."

వెళ్ళి చూశాను. ముడి నీళ్ళకు జానెడు పైన ఉండాలి. ఈ పదేళ్ళలో తెప్పలు బరువెక్కి కిందికి దిగాయి. ముడి సగం గుల్లలో ఉంది. ముందే గీకకూడదు. మార్చే రోజుకు ముందు ముడిని ముట్టుకోవడం ఆనవాయితీ కాదు.

బహుళ అష్టమి

రెండు తెప్పలు. నీళ్ళు ఏడు బిందెలు. కట్టు సంగతి కింద రాశాను.

పొద్దు నడినెత్తికి రాకముందే పడవలు చేరాయి. పాతిక మంది దాకా వచ్చారు. మామయ్య తన పడవ మీద వచ్చాడు. తెప్ప ఎక్కలేదు. తెడ్డు ఒళ్ళో పెట్టుకుని పడవలోనే కూర్చున్నాడు. జుట్టు నెరిసింది. అమ్మ చెంబుతో నీళ్ళు అందించింది. తాగి చెంబు తిరిగిచ్చాడు. నాన్న పలకలవైపు చూస్తూ ఉన్నాడు.

చెంచమ్మ వైరు తీసింది, గొట్టం తీసింది. మిషను ఆగింది. రోజంతా చెవిలో ఉండే చప్పుడు ఆగేసరికి అందరూ మాటలు మానేశారు. అమ్మ తన తెప్ప అంచున, నాన్న తన తెప్ప అంచున మోకాళ్ళ మీద కూర్చుని ముడి మీద చేతులు పెట్టారు. చెంచమ్మ నన్ను చూసి తల ఊపింది.

కాగితం తియ్యలేదు. ఇలా చెప్పాను.

"వచ్చినవాళ్ళందరికీ దండం. ముప్పయ్యేళ్ళ కింద మా అమ్మ ఆదెమ్మ, మా నాన్న బాలకోటయ్య ఈ రెండు తెప్పలూ కలిపారు. నేను ఈ కట్టు మీద పుట్టాను. నేను చూసింది చెప్పి కూర్చుంటాను. మాట్లాడటం నాకు రాదు. ఎంత రాదో ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది."

ఎవరో నవ్వారు. అది మంచిదైంది.

"అమ్మా, రోజూ మాకు మెలకువ రాకముందే నువ్వు లేచి మిషను జల్లెడకి పట్టిన ఉప్పు తోముతావు. మొదటి చెంబు నువ్వు తాగడం నేనెప్పుడూ చూడలేదు. ఇన్నేళ్ళూ ఆ మొదటి చెంబు తాగింది మేము. నీకు నా కృతజ్ఞత.

"నాన్నా, నాకు ఈత నేర్పినప్పుడు నీ అరచెయ్యి నా గడ్డం కింద పెట్టావు. ఎంతసేపు పెట్టావో, ఎప్పుడు తీశావో నాకు తెలీదు. చూసేసరికి నేను ఈదుతున్నాను, నువ్వు పక్కన ఈదుతున్నావు. నీకు నా కృతజ్ఞత.

"అమ్మా, చిన్నప్పుడు నాచు తీసొస్తే నా కళ్ళు ఉప్పుకి మండేవి. రోజూ సాయంత్రం నీ వంతు నీళ్ళలో ఒక చెంచా తీసి నా కళ్ళు కడిగేదానివి. నేను గింజుకునేవాణ్ణి. ఒక్క చుక్క కింద పోనిచ్చేదానివి కాదు. నాకు ఇప్పటికీ చూపు బాగుంది.

"నాన్నా, నువ్వు రోజూ పలకలు తుడుస్తావు. ఉప్పుకి చేతులు పగిలిన రోజు గుడ్డ చుట్టుకుని తుడుస్తావు. నేను దీపం లేకుండా అన్నం తిన్న రోజు నాకు గుర్తు లేదు.

"మీరిచ్చిన నీళ్ళు తాగాను. మీరిచ్చిన వెలుతురులో తిన్నాను. మీ ఇద్దరికీ దండం."

నేను రాసుకున్నది అంతే. కిందికి చూశాను. ముడి విడలేదు. అమ్మ గోరు విరిగి వేలి నుంచి రక్తం కారుతోంది. నాన్న లాగుతున్నాడు, గుల్ల రాలుతోంది, తాడు మాత్రం కదలడం లేదు. మాట ఆగితే చేతులు ఆగాలి. ఈ తాడు వాయుగుండాలను దాటదు.

నాన్న చెయ్యి నడుము దగ్గరికి వెళ్ళింది. అక్కడ కత్తి ఉంటుంది. మా దగ్గర ముడి బిగుసుకుంటే ఎవరి చెయ్యయినా అలాగే వెళ్తుంది, ఆలోచించి కాదు. పడవలో మామయ్య ఒళ్ళోని తెడ్డు పక్కన పెట్టాడు. అమ్మ ముడి మీద నుంచి చేతులు తీసేసింది.

నా దగ్గర చెప్పడానికి నాలుగే ఉన్నాయి, నాలుగూ అయిపోయాయి. కొత్తది ఏది ఎత్తినా దాని పక్కన ఏం నిలబడి ఉందో చూసుకునే వ్యవధి లేదు. రోజూ రాసేది గుర్తొచ్చింది.

"ఇవాళ పొద్దున అమ్మ ఏడు బిందెలు పట్టింది," అన్నాను. "నాన్న పలకలు తుడిచాడు. నిన్న అమ్మ ఎనిమిది బిందెలు పట్టింది. నాన్న పలకలు తుడిచి, వల చిరుగు కుట్టాడు. మొన్న అమ్మ ఏడు బిందెలు పట్టింది. నాచు ఎండేసింది. నాన్న బ్యాటరీలో నీళ్ళు పోశాడు."

వెనక నుంచి ఒకాయన, "ఇట్టా ముప్పయ్యేళ్ళదీ చెబుతాడా ఏంది?" అన్నాడు.

"చెప్పనియ్, నీకేం పని ఇంటికాడ?" అంది చెంచమ్మ.

నాన్న నడుము దగ్గర కత్తి తీశాడు. తీసి చెక్క మీద పెట్టి, దూరంగా తోశాడు. మళ్ళీ ముడి పట్టుకున్నాడు.

"అటు మొన్న పంచమి. అమ్మ ఏడు బిందెలు పట్టింది."

"ఎనిమిది," అంది అమ్మ, తల ఎత్తకుండా.

"ఏడేమో అమ్మా."

"ఎనిమిదే," అన్నాడు నాన్న. "సుబ్బులు రెండు తీసుకెళ్ళింది. నేను చూశా."

"ఎనిమిది," అన్నాను. "చవితినాడు ఏడు. ఆ రోజు చేపలు కోశారు. నాన్న పలకలు తుడిచాడు."

అమ్మ చేతులు మళ్ళీ ముడి మీదికి వచ్చాయి. నేను తదియ చెప్పాను, పాడ్యమి చెప్పాను, పున్నమి చెప్పాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. వెనక్కి వెళ్తూ ఉన్నాను. అంతా ఒకటే. బిందెలు, పలకలు, బిందెలు, పలకలు. వాళ్ళిద్దరూ నన్ను రెండుసార్లు సరిదిద్దారు. ఒకసారి నాన్న చెప్పిన లెక్క తప్పని అమ్మ నేరుగా ఆయనతోనే అంది.

"అది శుద్ధ ద్వాదశి కాదు. ఆ రోజు నువ్వు పలకలు ఎక్కడ తుడిచావ్? ముసురు పట్టింది."

"అవును," అన్నాడు నాన్న.

పున్నమికి ముందు పక్షం సగంలో ఉండగా మామయ్య తెప్ప ఎక్కాడు. తాళ్ళు విప్పే కొయ్య మేకు ఆయన మొలలో ఉంది. చెంచమ్మ జరిగి దారిచ్చింది. వచ్చి నాన్న పక్కన కూర్చున్నాడు.

"కొంచెం జరుగు బావా."

నాన్న జరిగాడు. మామయ్య మేకు కొన ముడిలోకి దించి ఊపాడు. అమ్మా నాన్నా అటూ ఇటూ లాగారు. నేను శుద్ధ షష్ఠి చెప్తుండగా ముడి వచ్చింది.

అప్పుడు ఆపాను.

తెప్పలు విడిపోయాయి. మొదట బెత్తెడు, తర్వాత మూరెడు. మధ్యలో నీళ్ళు కనిపించాయి. ఎప్పుడూ తాడు నీడలో ఉండే నీళ్ళు. చెంచమ్మ కొత్త తాడు తెచ్చి ఒక కొస అటు, ఒక కొస ఇటు పెట్టింది. నాన్న తన కొస వెంటనే పట్టుకున్నాడు. అమ్మ వేలి రక్తం చీర కొంగుకు తుడుచుకుంది. తమ్ముడివైపు చూసింది. ఆయన మేకు తుడుచుకుంటున్నాడు, ఆమెవైపు చూడలేదు. తెప్పల మధ్య బారెడు అయింది.

అమ్మ వంగి కొస తీసుకుంది.

"బిగించు," అంది నాన్నతో. "వదులుగా ఉంది నీ వైపు."

నాన్న బిగించాడు. చెంచమ్మ వైరు పెట్టింది, గొట్టం పెట్టింది. మిషను మొదలైంది.

అందరూ తిన్నారు. చేపల పులుసు, అన్నం. నన్ను ఎవరూ మెచ్చుకోలేదు. సుబ్బులు మాత్రం, "శుద్ధ తదియ దాకా వచ్చుంటే నా బిందె పగిలిన సంగతి చెప్పేవాడివి," అంది. చెప్పేవాణ్ణే.

పొద్దు వాలుతుంటే గాలి తిరిగింది. మామయ్య బయల్దేరాడు. పడవలో కూర్చుని తెడ్డు తీసుకున్నాడు. నాన్న నన్ను పిలిచాడు.

"ఆ పాత తాడు ఇటియ్యి."

పాత తాడు పెద్దకొడుకుది. నాచు కట్టడానికి వాడతారు. తెచ్చిచ్చాను. నాన్న బాగున్న ముక్క చూసుకుని ఒక కొస మా తెప్ప కొక్కేనికి కట్టాడు. రెండు సార్లు లాగి చూశాడు. రెండో కొస చుట్ట చుట్టి చేతిలో పట్టుకున్నాడు.

"ఏడుకొండలూ," అని కేకేశాడు.

మామయ్య తల తిప్పాడు. అప్పుడు విసిరాడు. తాడు పడవలో ఆయన కాళ్ళ దగ్గర పడింది. మామయ్య దాన్ని కాసేపు చూశాడు. అమ్మ మిషను దగ్గర చెంబు పట్టుకుని నిలబడి ఉంది.

బహుళ నవమి

రెండు తెప్పలు, ఒక పడవ. రెండు కట్లూ ఉన్నాయి. నీళ్ళు తొమ్మిది బిందెలు.